సమయాభావం ఎప్పుడూ రెండో వక్తకే

మన సభల్లో సమయాభావం అనే జబ్బు ఎప్పుడూ రెండో వక్తకే వస్తుంది. మొదటాయన గంటంబావు మాట్లాడినంతసేపూ గడియారాలన్నీ ఆరోగ్యంగానే తిరుగుతుంటాయి. రెండో ఆయన కుర్చీలోంచి లేవబోయే సమయానికి ఎవరో వచ్చి వ్యాఖ్యాత చెవిలో ఊదుతారు. వ్యాఖ్యాత గొంతు సవరించుకుని, "సమయాభావం వల్ల వక్తగారు రెండే రెండు ముక్కల్లో..." అంటాడు. ఆ మాట అనడానికి ముందు తానే పావుగంట మింగేసిన సంగతి ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.

జూలూరుపాడునే తీసుకుందాం. 2016 అక్టోబరులో ఈ మండలం ఖమ్మం జిల్లాలోంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి మారింది. సభ నడిపే పద్ధతి మాత్రం ఏ జిల్లాకూ బదిలీ కాకుండా అక్కడే ఉండిపోయింది. రైతు వేదికలో ఒక సభ జరుగుతోందని ఊహించుకోండి. మొదటి అంశం పోడు భూములు, అటవీ హక్కుల చట్టం. రెండో అంశం పత్తిలో గులాబీ రంగు పురుగు.

మొదటి వక్త 2006 నాటి చట్టాన్ని ఎక్కడా తగ్గకుండా చెప్పారు. 2005 డిసెంబరు 13 నాటికి భూమి సాగులో ఉండాలన్నారు. గిరిజనేతరులైతే మూడు తరాలు, అంటే 75 ఏళ్లుగా అక్కడే ఉన్నట్టు రుజువు కావాలన్నారు. గ్రామసభ, దాని మీద డివిజన్ కమిటీ, దాని మీద జిల్లా కమిటీ అంటూ మెట్లన్నీ ఎక్కించారు. బరువైన విషయమే. వింటున్నవాళ్లలో పట్టా వచ్చినవాళ్లున్నారు, అర్జీ తిరస్కరణకు గురైనవాళ్లూ ఉన్నారు. చప్పట్లు ఆగాయి. ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. నలుగురు ఫోన్లు తీశారు. వెనక వరసలో ఒకామె పిల్లాణ్ని చంకనెత్తుకుని తలుపు వైపు చూసింది.

ఈ అరనిమిషంలోనే సభ ఉంటుందో లేస్తుందో తేలిపోతుంది. సరిగ్గా ఇక్కడే మన వ్యాఖ్యాతలు తమ ప్రతిభ బయటపెడతారు.

మొదటి రకం వ్యాఖ్యాత సారాంశకర్త. "ఇంతసేపూ సారు చెప్పిన దాని సారాంశమేమిటంటే" అని మొదలుపెట్టి, సారు చెప్పిన దాన్ని సారు కన్నా పొడుగ్గా చెబుతాడు. మధ్యలో తేదీ తప్పు చెబితే మొదటి వక్త లేచి దిద్దుతాడు, ఆ దిద్దుబాటు మరో ఐదు నిమిషాలు. రెండో రకం సందర్భం చూడని హాస్యప్రియుడు. ముప్పై ఏళ్లు దున్నిన చేను తనది కాదని తెలిసి తలదించుకు కూర్చున్న మనిషి ముందు అత్తాకోడళ్ల జోకు వేస్తాడు. మూడో రకం శాలువా శాఖ. వక్తకు, వక్తను పిలిచినవాళ్లకు, శాలువా తెచ్చినవాళ్లకు వరసగా సన్మానాలు, ప్రతిదానికీ ఫొటో. చివరి ఫొటో అయ్యేసరికి రెండో వక్త ఎదుట మిగిలేది కుర్చీలు వేసిన కుర్రాళ్లే.

ఇక పరిచయం. "వీరికి పరిచయం అక్కర్లేదు" అన్నాక మన దగ్గర మొదలయ్యేది పరిచయమే. ఏ ఊళ్లో పుట్టారు, ఎక్కడ డిగ్రీ, ఏ సంవత్సరంలో ఏ మండలంలో పోస్టింగ్... రైతుకు కావలసింది ఆయన సర్వీసు రిజిస్టరు కాదు, తన కాయలో పురుగు సంగతి.

బరువైన మాట నుంచి తర్వాతి మాటకు జనాన్ని నడిపించే పనిని మనవాళ్లు ఏనాడో చేసి చూపించారు. బుర్రకథలో నడిమి కథకుడి పక్కన ఇద్దరు వంతపాటగాళ్లుంటారు. అందులో ఒకరు హాస్యం. కథ బరువెక్కి జనం బిగుసుకుపోయాక నోరు విప్పేది ఆయనే. వీరుడు ఒరిగిన క్షణాన మాత్రం విప్పడు. ఆ దుఃఖాన్ని కాసేపు నిలవనిస్తాడు, తర్వాత ఒక ప్రశ్న వేస్తాడు, ఆ ప్రశ్న పట్టుకుని కథకుడు ముందుకు పోతాడు. మన వ్యాఖ్యాతలు బుర్రకథ వాళ్లను సన్మానించారు గానీ ఈ ఒక్క కిటుకూ అడిగి పుచ్చుకోలేదు.

సరే, జూలూరుపాడు సభలోకి ఒక తెలివైన తెలుగు సారును వ్యాఖ్యాతగా పంపిద్దాం. చప్పట్లు ఆగాక ఆయన మైకు పట్టుకుని మూడు నాలుగు సెకన్లు ఊరుకుంటాడు. ఆ మౌనం తిరస్కరణ కాగితం ఇంట్లో దాచుకున్నవాళ్ల కోసం. తర్వాత మొత్తం ప్రసంగంలోంచి పనికొచ్చే ముక్క ఒక్కటే ఎత్తుకుంటాడు. "గ్రామసభ తీర్మానం మీదైనా, డివిజన్ కమిటీ నిర్ణయం మీదైనా 60 రోజుల్లో పై కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని సారు చెప్పారు. ఆ అరవై గుర్తు పెట్టుకోండి. సారూ, దండాలు." సారాంశం ఇంతే. ఒక్కటే ఎందుకంటే, రెండోది చెబితే మూడోది మరిచావని మొదటి వక్తకు కోపమొస్తుంది.

ఇప్పుడు మలుపు. "మనకు పట్టా ఉందా లేదా అని ఆఫీసులు అడుగుతాయి. గులాబీ పురుగు మాత్రం ఏ కాగితమూ అడక్కుండా అందరి చేన్లోకీ సమానంగా వస్తుంది." జనం నవ్వుతారు. నవ్వింది పోడు రైతు మీద కాదు, ఆఫీసుల మీద, పురుగు మీద. అందుకే అది నొప్పించదు. పైగా రెండు అంశాలూ ఒకే చేనులో కలిశాయి.

వెంటనే: "మీ పత్తిలో పూవు విచ్చుకోకుండా రేకులు ముడుచుకుని ఉండగా చూసినవాళ్లు చెయ్యెత్తండి." గంటంబావుగా కదలని ఒళ్లు కదులుతుంది. ఫోను చేతిలో ఉన్నవాడు చెయ్యెత్తాలంటే ఫోను దించాలి. ఆ ముడుచుకున్న పూవులే గుడ్డి పూలు, లోపల పురుగు ఉందనడానికి గుర్తు. ఎన్ని చేతులు లేచాయో చూసి, ప్రసంగం ఎక్కడ మొదలుపెట్టాలో రెండో వక్తకు కూర్చున్న చోటే తెలిసిపోతుంది. లింగాకర్షక బుట్ట అంటే ఏమిటో చెప్పాలా, లేక బుట్టలో వరసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే ఏం చేయాలో నేరుగా చెప్పాలా అన్నది ఆ చేతులు చెబుతాయి. ఒక్క చెయ్యీ లేవకపోయినా నష్టం లేదు. "అయితే గుడ్డి పూవు ఎట్లా ఉంటదో ముందు చూద్దాం" అంటే అదే మొదటి వాక్యమవుతుంది.

అయితే ఇక్కడ వ్యాఖ్యాత నోటికి తాళం పడాలి. బుట్టల సంగతి, మందుల సంగతి తానే చెప్పేస్తే రెండో వక్త తెచ్చుకున్న మూట ఖాళీ. పరిచయంలో మూడు మాటలు చాలు: ఈ పురుగు ఊసు ఇప్పుడెందుకు, దాన్ని ఈయనే ఎందుకు చెప్పాలి, చివరగా పేరు. పేరు ముందే చెబితే చప్పట్లు అక్కడే పడతాయి, మిగతా పరిచయం ఆ చప్పుడులో కొట్టుకుపోతుంది. పేరు ఎలా పలకాలో సభకు ముందే ఆయన్నడిగి తెలుసుకుంటే ఇంకా మంచిది. అధికారుల పేర్లను వాళ్ల ఎదుటే మార్చి పలికే పేటెంటు మన వ్యాఖ్యాతలదే కదా.

ఇదంతా ఏ గంటకు జరుగుతోందన్నది వేరే సంగతి. మధ్యాహ్నం దాటి, ఆకలి వేసి, ఊరి బస్సు వచ్చే వేళయితే ఎంత గొప్ప మలుపూ పనిచెయ్యదు. అప్పుడు పదినిమిషాలు టీ ఇచ్చి, రెండో ఆయన్ని టీ తర్వాత పిలవడమే మర్యాద. "భోజనాలున్నాయి, ఎవరూ కదలొద్దు" అని మైకులో బతిమాలడం మాత్రం కూడదు. ఆ మాట తర్వాత సభ చెవులన్నీ గిన్నెల చప్పుడుకే అంకితం.

ఇంకొక్క గండం ఉంది. రెండో వక్త లేచేలోపు మొదటి వక్త "ఒక్క మాట మరిచిపోయా" అంటూ మైకు వైపు వస్తాడు. ఆ ఒక్క మాట ఇరవై నిమిషాలని తెలియంది ఎవరికి? అందుకే తెలుగు సారు మైకును బల్ల మీద పెట్టడు, స్టాండుకు తగిలించడు. పేరు పలుకుతూనే నాలుగడుగులు ముందుకేసి, రెండో వక్త చేతిలో పెట్టి, ఆయన వేళ్లు బిగుసుకునేదాకా తన చెయ్యి వదలడు.