తలంబ్రాలూ మచ్చలేనట!

తొంభైల నాటి పెళ్లి క్యాసెట్‌ను ఏఐతో ఫోర్‌కే చేయించవచ్చని తెలిశాక మన ఇళ్లలో ఆశలు పెరిగాయి. మూడో పంక్తిలో అప్పడం నములుతున్న బాబాయి మొహం, అత్తయ్య చీర జరీ అంచు తేటగా కనిపించేస్తాయని. లెక్క వేస్తే ఆ ఆశ కాస్త సర్దుకుంటుంది. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే వచ్చే ఫ్రేము 720 బై 576, అంటే సుమారు నాలుగు లక్షల చుక్కలు. ఫోర్‌కేకు దాదాపు 83 లక్షలు కావాలి. ఇరవై చుక్కల్లో పంతొమ్మిది సాఫ్ట్‌వేర్ ఊహించి పెట్టేవే! ఏఐ ఉన్నదాన్ని శుభ్రం చేయగలదు, కెమెరాకు చిక్కనిదాన్ని మాత్రం తెచ్చివ్వలేదు. అడిగితే కాదనకుండా కల్పించి ఇస్తుంది, అదీ చిక్కు. దగ్గరగా తీసిన పెళ్లికూతురి మొహం నిజంగానే బాగుపడుతుంది. పది పదిహేను చుక్కల్లో ఇరుక్కున్న బాబాయికి మాత్రం కళ్లూ ముక్కూ పలువరుసా అదే అమర్చిపెడుతుంది. మనిషి నిగనిగలాడతాడు, ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు.

శుభ్రం చేయడంలో ఇంకో తమాషా ఉంది. టేపు మీద ఒక్క ఫ్రేములో మెరిసి మాయమయ్యే మచ్చల్ని పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ ముందు ఫ్రేమునూ వెనక ఫ్రేమునూ పోల్చి చూస్తుంది. ఒక్కదాంట్లోనే ఉన్నది మురికి. మరి గాల్లో ఎగిరే తలంబ్రాలూ అంతే కదా! నాయిస్ తగ్గింపు గట్టిగా పెడితే వధూవరులు ఒకరి మీదొకరు ఉత్త గాలి పోసుకుంటారు. అందుకే ముందు ఆ ఘట్టం అర నిమిషం మాత్రమే నడిపి, పాతదాని పక్కన పెట్టి చూడాలి. వరస కూడా ముఖ్యం. పాత వీడియోలో ఒక్కో ఫ్రేమూ సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసిన రెండు సగం బొమ్మల అల్లిక. కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా కనిపించేది అందుకే. ఆ అల్లిక విప్పే డీఇంటర్‌లేసింగ్ మొదట చేయకపోతే, ఏఐ ఆ పళ్లనే అసలు వివరమనుకుని వాటికి పదును పెడుతుంది. వణుకు సంగతి తేలికే, అంచులు కొంత కత్తిరించి బొమ్మను నిలబెడతారు. కానీ కదలికలో అలుక్కుపోయిన ఫ్రేము నిలబడ్డాకా అలుక్కుపోయే ఉంటుంది.

‘వందేళ్ల నాటి యుద్ధం బొమ్మల్ని పీటర్ జాక్సన్ 2018లో అంత బాగా తీర్చిదిద్దాడుగా’ అంటారు. ఆయన చేతిలో ఉన్నది ఫిల్ము, మన దగ్గరున్నది వీహెచ్‌ఎస్ టేపు. వయసులో చిన్నదైనా వివరంలో ఫిల్ముకు సాటిరాదు. ‘కల్పితమైతేనేం, చూడ్డానికి బాగుందిగా’ అనే వాళ్లూ ఉన్నారు. వాళ్లు బాబాయిని చూసినవాళ్లు, మనసులోనే దిద్దుకుంటారు. చూడని మనవలు ఆ కొత్త పలువరుసనే నమ్ముతారు. రెండింతలకు పెంచి, నాయిస్ కొంచెమే తగ్గించి ఆగండి. ఏఐ ముట్టని మొదటి ఫైలును వేరుగా దాచండి, క్యాసెట్‌ను పారేయకండి.