అనుమానాలకు తావు లేకుండా

స్కూలు నుంచి తల్లిదండ్రులకి వెళ్ళే సర్క్యులర్లలో సగం ఎవరికీ అర్థం కావు. మిగతా సగం ఎవరూ చదవరు. కోనసీమలో బస్టాండు పక్కన డీటీపీ, జిరాక్సు షాపు నడిపేవాడిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను. చుట్టుపక్కల నాలుగైదు స్కూళ్ళ సర్క్యులర్లు నా చేతి మీదుగానే వెళ్తాయి. అన్నీ ఒకే అచ్చు. పైన ‘గౌరవనీయులైన తల్లిదండ్రులకు’, కింద ‘మీ సహకారాన్ని ఆశిస్తూ’. ఈ రెంటి మధ్యా ఏముందో కనుక్కోవడానికి తల్లులు గేటు దగ్గర ఒకరినొకరు అడుగుతూ నిలబడతారు.

2023 మార్చి నెలాఖరు సంగతి. ఒంటిపూట బడులు మామూలుగా మార్చి 15 నాటికే మొదలైపోతాయి. ఆ యేడు మాత్రం ఏప్రిల్ 3, సోమవారం నుంచి అన్నారు. ఉదయం 7.45 నుంచి మధ్యాహ్నం 12.30 దాకా. మా ఊరి ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు గారు ఒక కాగితం మీద రెండు ముక్కలు గీకి పంపించారు, టైపు చేసి మూడొందల కాపీలు తియ్యమని. ‘వేసవి తీవ్రత దృష్ట్యా సోమవారం నుండి పాఠశాల ఒంటిపూట నడుపబడును. వచ్చే విద్యా సంవత్సరం నుండి ఫీజులు స్వల్పంగా సవరించడమైనది. సకాలంలో చెల్లించనివారు తగిన అపరాధ రుసుము చెల్లించవలసి ఉండును.’

కాగితం తెచ్చింది తెలుగు మాస్టారు. కుర్చీలో కూర్చుని ఇంకోసారి చదువుకున్నారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీశారు.

“సోమవారమంటే ఏ సోమవారమయ్యా? ఈ కాగితం పిల్లాడి బ్యాగులో నాలుగు రోజులు పడుంటుంది. తల్లి చూసేది గురువారం. ఆవిడకి సోమవారమంటే వచ్చే సోమవారమేగా. ‘తగిన’ అంటే ఎంత? ‘స్వల్పంగా’ అంటే ఎంత?”

టైపు చెయ్యొద్దని చెప్పి కాగితం పట్టుకుని వెళ్ళిపోయారు. గంట తరవాత వస్తే చేతిలో కొత్త చిత్తు ఉంది. ఆయన దస్తూరి గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టుంటుంది. అంకె వేసిన ప్రతిచోటా పక్కన అక్షరాల్లోనూ రాస్తారు. తేదీ పక్కన వారం పేరు తప్పదు.

మొదటి పేరా బడి వేళలు. మొదటి గంట 7.35కి, గేటు మూసేది 7.45కి అని విడివిడిగా రాశారు. చాలామంది ఆ రెండూ ఒకటే అనుకుని 7.45కి వీధి మలుపులో ఉంటారు. ఆదివారాలు, సెలవు రోజులు పోను, ఎప్పటిదాకా ఇవే వేళలో ఆఖరి తేదీ వేశారు. తిరిగి తెరిచేది జూన్ 12, సోమవారం అని ఇంకో వాక్యం.

తరవాత లంక పిల్లల సంగతి. మా స్కూలుకి ఏటి అవతలి నుంచి ముప్పై మంది దాకా వస్తారు. రోజూ సాయంత్రం వదిలేటప్పుడు రేవులో పడవ సిద్ధంగా ఉంటుంది. 12.30కి వదిలితే పిల్లలు రేవుకి చేరేసరికి ఒంటిగంట. అప్పుడు పడవ నడిపే అబ్బాయి అన్నానికి ఇంటికి పోతాడు. మళ్ళీ రెండింటికి గానీ తాడు విప్పడు. ఒంటిపూట పెట్టిందే ఎండ తగలకుండా కదా, మరి గంటసేపు ఇసకలో నిలబెడితే ఏం లాభం? మాస్టారు సైకిలేసుకుని రేవుకి వెళ్ళి మాట్లాడొచ్చారు. ‘స్కూలు బస్సు 12.40కి బయల్దేరి 1.05కి రేవు చేరును. పడవ 1.15కి బయల్దేరును’ అన్న వాక్యం ఆ ప్రయాణం ఖరీదు. సర్క్యులర్లో అది చిన్న ముక్కే గానీ, దాన్ని ఇంట్లో కూర్చుని రాయలేరు.

అసలు గొడవ ఫీజుల పేరా దగ్గరొచ్చింది. కరస్పాండెంటు గారికి అంకెలు వెయ్యడం ఇష్టం లేదు. ఆయన భయం ఆయనది. 2021 ఆగస్టులో ప్రభుత్వం జీవో 53 ఇచ్చి, పంచాయతీల్లో ఉన్న ప్రైవేటు స్కూళ్ళు ఐదో తరగతి దాకా ఏడాదికి 10,000, ఆ పైన పదో తరగతి దాకా 12,000 మించి తీసుకోకూడదంది. డిసెంబరులో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. పరిమితి పోయినా ఆయన గుండెదడ పోలేదు.

“అంకె కనపడితే ఎవడో ఒకడు పట్టుకుని తిరుగుతాడు మాస్టారూ. ‘పది శాతం’ అని వదిలెయ్యండి చాలు.”

“పది శాతం దేని మీదండీ? ట్యూషన్ ఫీజు మీదా, మొత్తం మీదా? రేపు మీ గది ముందు రెండొందల మంది నిలబడి అదే అడుగుతారు. ఆయ్, సమాధానం చెప్పలేక చచ్చేది ఆఫీసులో ఆ అమ్మాయే కదండీ.”

రెండొందల మంది అనేసరికి కరస్పాండెంటు గారు తగ్గారు. జనం ఆఫీసుకి రాకపోవడమే ఆయనకి కావలసింది. “సరే, ఎవరికీ ఏ అనుమానం రాకూడదు, అంతే” అన్నారు.

ఇక మాస్టారు చెలరేగిపోయారు. తరగతుల వారీగా చిన్న పట్టీ. ఆరు, ఏడు తరగతులకి ట్యూషన్ 20,000 ఉన్నది 22,000. బస్సు నెలకి 800 ఉన్నది 900, పది నెలలకి 9,000. పుస్తకాలు, నోటుబుక్కులు 4,800. యూనిఫాం 2,200. పరీక్ష ఫీజు 1,000. డిజిటల్ తరగతి 1,500. ఇవన్నీ ఇన్నేళ్ళూ ఒక్కోటి ఒక్కో నెలలో, ఒక్కో చీటీ మీద అడిగేవాళ్ళు. మాస్టారు అన్నిటినీ ఒకచోట చేర్చి, కింద గీత గీసి, మొత్తం వేశారు: 40,500. పక్కన పోయినేటి మొత్తం, 37,000. ఆ గీత మీదే నాకు మనసు పీకింది. కానీ టైపు చేసేవాడికి అభిప్రాయాలెందుకని ఊరుకున్నాను.

గడువు తేదీ జూన్ 10 అని కరస్పాండెంటు గారు వేశారు. మాస్టారు కొట్టేశారు. “పోయినేడు అమ్మఒడి డబ్బులు జూన్ 27న పడ్డాయండీ. సగం ఇళ్ళలో మొదటి వాయిదా కట్టేది వాటితోనే. జూన్ 10 అని పెడితే ఎవరూ కట్టరు, కట్టలేదని మీరు జరిమానా వేస్తారు, వేస్తే దెబ్బలాటలు. జూలై 10 వెయ్యండి. ఆ తరవాత రోజుకి పది రూపాయలు, మొత్తం మూడొందలు దాటకుండా.” అదీ ఒప్పుకున్నారు.

‘లేనిచో తగు చర్య’ లాంటి మాటలన్నీ ఎగిరిపోయాయి. “మర్యాదంటే మొదట్లో చివర్లో దణ్ణాలు పెట్టడం కాదయ్యా, అవతలివాడిని రెండోసారి తిప్పకుండా ఉండటం” అన్నారు నాతో. అడుగున చుక్కల గీత, దాని కింద చించి ఇవ్వాల్సిన చీటీ: ‘పై విషయములు చదివితిని. పూర్తిగా అర్థమైనవి.’ సంతకం, తేదీ.

ఒక్క పేజీకి సరిపోయింది. నేను టైపు చేసిన సర్క్యులర్లలో అంత చక్కటిది ఇంకోటి లేదు. సోమవారం పొద్దున్న గేటు ముందు ఒక్క తల్లి కూడా నిలబడలేదు. బస్సు 1.05కి రేవు చేరింది, పడవ ఉంది. ఆఫీసు ఫోను మోగలేదు. కరస్పాండెంటు గారు నా షాపు ముందు కారాపి మరీ చెప్పారు, “మాస్టారి చెయ్యి మంచిదయ్యా” అని.

ఏప్రిల్ నెలాఖర్లో ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చి, పనిలోపని పాత బిల్లు వసూలు చేసుకుందామని స్కూలుకి వెళ్ళాను. కరస్పాండెంటు గారి బల్ల మీద కాగితాల దొంతర ఉంది. టీసీల దరఖాస్తులు. అనుమానాలేమీ లేకపోవడంతో జనం ఆఫీసుకి వచ్చి అడిగింది ఏమీ లేదు, నేరుగా టీసీలే అడిగారు. ఇన్నేళ్ళూ చీటీ చీటీగా కట్టినవాళ్ళు మొదటిసారి మొత్తం చూశారు మరి.

ఆయన దొంతరలో అడుగునున్న కాగితం లాగారు. “ఇది అన్నిటికంటే ముందొచ్చింది. చూడు” అని నా వైపు తిప్పారు.

చూడక్కర్లేదు. గుండ్రటి దస్తూరి. ఏప్రిల్ 4, మంగళవారం. అంకెల పక్కన అక్షరాలు. ‘ఆరు, ఏడు తరగతులు చదవబోవు నా ఇద్దరు పిల్లలకు, సిబ్బంది రాయితీ పోను, బస్సు లేకుండా, ఏడాదికి 41,000 (అక్షరాలా నలభై ఒక్క వేలు) అగుచున్నది. నా జీతము నెలకు 13,000 (పదమూడు వేలు). అనగా మూడు నెలల జీతము, దానిపై రెండు వేలు. కావున జిల్లా పరిషత్ హైస్కూలులో చేర్పించుటకు నిశ్చయించితిని. 2009 విద్యాహక్కు చట్టము 5వ సెక్షను ప్రకారం టీసీలు వెంటనే ఇప్పించ ప్రార్థన.’ పైన గుండుసూదితో చుక్కల గీత దగ్గర చించిన చీటీ గుచ్చి ఉంది. చదివితిని, పూర్తిగా అర్థమైనవి, సంతకం.

మాస్టారిని పిలిపించారు. ఆయన వచ్చి నిలబడ్డారు.

“మీరే ఇలా చేస్తే ఎలాగండీ మాస్టారూ? బయట ఏమనుకుంటారు? జీతాలు పెంచే విషయం నేను ఆలోచిస్తూనే ఉన్నానుగా!” అంటూ కరస్పాండెంటు గారు పెన్ను తీసి దరఖాస్తు మీద అడ్డంగా రాశారు. ‘జీతాల పెంపు త్వరలో పరిశీలించబడును. అంతవరకు టీసీలు ఆపవలెను.’

మాస్టారు కాగితం తీసుకుని చదివారు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ‘త్వరలో’ కింద ఒకటి, ‘అంతవరకు’ కింద ఒకటి గీత గీసి, కాగితం తిరిగి బల్ల మీద పెట్టారు.

“ఏ తేదీ నుంచండీ? ఎంతండీ?”