ట్రయల్ లేని రోజులు

ఏం పిల్లలర్రా మీరు! మా రోజుల్లో వంటమనిషి కావాలంటే మూలమీది కిరాణా కొట్టాయన చెవిన ఓ మాట వేసేవాళ్లం. మర్నాటికల్లా బోరబండ నుంచి ఒకావిడ వచ్చి గుమ్మంలో నిలబడేది. జీతమెంతని ఆమె అడిగేది కాదు, మేమూ చెప్పేవాళ్లం కాదు. ఇప్పుడు ఎర్రగడ్డలో మా కోడలు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టిన మెసేజి చూడండి, రిజిస్ట్రారాఫీసు దస్తావేజులా ఉంది:

"నలుగురికి శాకాహార వంట. ఉదయం 6.30 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 7.30. టిఫిను, అన్నం, పప్పు, కూర, రాత్రికి రొట్టెలు. కూరగాయలు తరగడం, పొయ్యి తుడవడం మీ పని, బాసన్లు తోమడం కాదు. జీతం 9,000, 5వ తేదీలోపు. నెలకు రెండు ఆదివారాలు సెలవు, జీతం కోయం. తినేవాళ్లు ఆరుగురు దాటితే పూటకు 150 అదనం. మొదటి మూడు రోజులు ట్రయల్, రోజుకు 300."

చుట్టాలొస్తే డబ్బులట! మా ఇంట్లో పండక్కి ఇరవై మంది దిగితే వంటావిడ రాత్రి పది దాకా ఉండేది, వెళ్తూ వెళ్తూ ఆ బాసన్లూ తోమేది. నోరెత్తి ఒక్క మాట అనలేదు. ఓ సంక్రాంతి తర్వాత మాత్రం ఎందుకో రావడం మానేసింది. కారణం ఎవరికీ తెలియదు. మేమూ అడగలేదనుకోండి.

ట్రయల్‌కి డబ్బులెందుకమ్మా అన్నాను. "9,000ని 30తో భాగించండి మామయ్యా, రోజుకు 300. మనిషిని మారుస్తూ వారాల తరబడి ఊరికే వండించుకునే ఇళ్లుంటాయి. అందుకే వంటవాళ్లు ముందే అడుగుతారు" అంది. మరి ఒక్క రోజు చాలదా? చాలదట. మొదటిరోజు ఎవరైనా నూనె దండిగా పోసి కమ్మగా వండుతారు. అసలు చేయి, వచ్చే వేళ మూడో రోజుకు గాని తెలియవు. మనం చెప్పిన పనే చెబుతున్నామా, ఇంకేదైనా అంటగడుతున్నామా అని ఆవిడా చూసుకుంటుందట. మమ్మల్ని పరీక్షించడమేమిటి, వినడానికే విడ్డూరం!

మా మనవడు ఇంకా పైకెళ్లాడు. 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం ఒప్పందం ఒకటి చేసిందట. 189వది. పని, గంటలు, జీతం, సెలవులు, ట్రయల్ ఉంటే అదెన్నాళ్లో అన్నీ ముందే చెప్పాలి, కుదిరితే కాగితం మీద పెట్టాలి అని అందులో ఉంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. హమ్మయ్య, దేశంలో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారన్నమాట.

అక్కడితో ఊరుకోవాల్సింది. కోడలి తప్పు పట్టాలని మిగతాదీ చదివించాను. వారానికి వరసగా 24 గంటలైనా విశ్రాంతి ఇవ్వాలని ఉంది. "చూశావా, నువ్విచ్చేవి నెలకు రెండే!" అన్నాను. ఆ పిల్ల మారుమాట లేకుండా ఫోను తీసి 'ప్రతి ఆదివారం సెలవు' అని దిద్దేసింది.

ఇప్పుడు ఆదివారం ఉప్మా నా వంతు. జీతం లేదు, ట్రయల్ లేదు, బాసన్లు మాత్రం ఉన్నాయి.