డాలస్ నుంచి దరఖాస్తు

అనంతపురం జిల్లాలో ఏ పల్లెకెళ్లినా ఈ కొడుకు ఒకడుంటాడు, డాలస్‌లో. కళ్యాణదుర్గం పక్కన మెట్టచేనులో ఉన్న బోరు మోటారును అక్కణ్ణుంచే ఫోన్‌తో ఆన్ చేస్తాడు. నీళ్లు రావడం, రాకపోవడం బోరు ఇష్టం. వాకిట్లో కెమెరా పెట్టించి, శెనక్కాయలు వలుస్తున్న తల్లికి "మా, ఆ ఎర్ర చీర ఆమె ఎవురు?" అని అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. అర్ధరాత్రి ఆయనకు, ఆమెకు పట్టపగలే.

ఇలాంటివాడు ఇన్‌కంటాక్స్ ఆఫీసుకు ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందో నేను చూశాను. పన్నుల పనిచేసే నాకూ ఒక కాపీ పంపాడు. మొదటి పేజీ అంతా ఆయన హోదా. రెండో పేజీలో అమ్మ వయసు, మోకాళ్ల నొప్పి, సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడం. చివర్న అసలు సంగతి: "కాబట్టి మా తల్లిగారి నోటీసులన్నీ ఇకపై నా ఈమెయిల్‌కు పంపగలరు." కింద కొడుకు సంతకం, అడ్డంగా, అరపేజీ.

ఇంతకూ వచ్చిన నోటీసు చిన్నదే. ఆయన పంపిన డబ్బును ఆమె రెండు బ్యాంకుల్లో ఫిక్స్‌డ్ వేసుకుంది. కొడుకు తల్లికిచ్చిన డబ్బు మీద పన్ను లేదు. దాని మీద వచ్చే వడ్డీ మాత్రం ఆమె ఆదాయమే. మూడేళ్ల కింద టీడీఎస్ వాపసు కోసం ఎవరో ఆమె పేర రిటర్న్ వేసి, ఒక బ్యాంకు వడ్డీ చూపి, రెండోది వదిలేశారు. పాన్ నంబరుతో బ్యాంకులు పంపే లెక్క ఆఫీసు దగ్గర ఎప్పుడూ ఉంటుంది. అందుకే అడిగారు.

కొడుకు కోపం మాత్రం వేరే. కాగితం పోస్టుమ్యాన్ తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడట. ఈ కాలంలో ఈమెయిల్ పంపడం చేతకాదా అని. పంపారు నాయనా, అంతకుముందు రెండుసార్లు పంపారు! రిటర్న్‌లో రాసిన ఈమెయిల్‌కు, నిబంధన ప్రకారం. ఆ ఈమెయిల్ ఎవరిదంటే, రిటర్న్ వేసిన చోట పనిచేసే కుర్రాడిది. కుర్రాడు పని మానేసి బెంగళూరెళ్లిపోయాడు. మన జిల్లాలో పెద్దవాళ్ల రిటర్న్‌లు తిరగేస్తే ఇలా వాళ్లెప్పుడూ చూడని ఈమెయిళ్లు ఎన్నో కనిపిస్తాయి. ఓటీపీ చప్పున రావాలని వేసేవాళ్లు తమదే రాసేస్తారు. ఈమెయిల్ ఎవరు చదివినా, చదవకున్నా లెక్కప్రకారం నోటీసు ముట్టినట్టే.

ఉత్తరానికి జవాబు మర్యాదగానే వచ్చింది. నోటీసులు ఏ చిరునామాకు పంపాలో రాతపూర్వకంగా కోరే హక్కు పన్నుదారుకు ఉంది. కానీ ఇక్కడ పన్నుదారు తల్లి. సంతకం ఆమెది కావాలి. అదీ ఆ నోటీసు పంపిన అధికారికి చెల్లుతుంది గానీ, బెంగళూరు ప్రాసెసింగ్ సెంటర్లో కంప్యూటర్ ఉత్తరాలు చదవదు. పోర్టల్లో ఆమె ప్రొఫైల్లోకి వెళ్లి ఈమెయిల్, ఫోన్ నంబరు మార్చుకోవడమే దారి.

పాస్‌వర్డ్ కుర్రాడితోనే పోయింది. ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవాలి. అది వచ్చేది అమ్మ ఫోన్‌కు.

"మా, ఆరంకెలు వచ్చింటాయి చూడు. చెప్పు."

"చెప్పను."

"నేను మా, నీ కొడుకును."

"నా కొడుకే చెప్పినాడు, అడిగింది కొడుకైనా చెప్పొద్దని. గొంతు గూడా మారుస్తారంట."

మొబైల్ మోసాల గురించి పోయిన సంక్రాంతికి ఆయనే పాఠం చెప్పి వెళ్లాడు. వీడియోలో ముఖం చూపించాడు. ముఖం గూడా మారుస్తారని అదే పాఠంలో ఉంది. చివరికి పక్కింటి పాపమ్మత్త వచ్చి ముఖం చూసి సాక్ష్యమిచ్చేసరికి ఓటీపీ గడువు దాటింది. మూడోదానికి పని అయింది. ఈమెయిల్ డాలస్‌ది పెట్టారు, ఫోన్ అమ్మదే ఉంచారు. రెండో బ్యాంకు వడ్డీ కలిపి నోటీసుకు సమాధానమూ వెళ్లింది.

కొత్త రిటర్న్ వేశాక, ఆయన కోరిన ఈమెయిల్ ఆయనకే నేరుగా వచ్చింది. లోపలి పీడీఎఫ్‌కు తాళం. పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని వెనకే పుట్టినతేదీ కొడితే తెరుచుకుంటుంది. వెంటనే అమ్మకు ఫోన్.

"మా, నువ్వు పుట్టింది ఎప్పుడు?"

"కరువులో."

"ఏ కరువు మా?"

"ఏమో నాయనా, ఎన్నని గుర్తుపెట్టుకునేది. పాన్ కార్డు ఫారం రాసింది నువ్వే గదా, అప్పుడు ఏ తేదీ వేసినావో!"