ఒకే బిల్లును రెండుసార్లు ఎక్కించే విధానం

అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్లు ఒకే బిల్లును రెండుసార్లు ఎక్కించడం చాలా కష్టమనుకుంటారు. సగం పని నిబంధనలే చేసి పెట్టాయి. జీఎస్టీ కింద సరుకు అమ్మినవాళ్లు బిల్లు మూడు ప్రతులు తీయాలి: ఒరిజినల్ కొన్నవాళ్లకి, డూప్లికేట్ లారీకి, ట్రిప్లికేట్ తమకి. ఏది ఏ ప్రతో కాగితం మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. మీరు దాన్ని చదవకూడదు. అంతే, మొదటి మెట్టు ఎక్కేశారు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఈ విద్యలో ఎంత దూరం వెళ్లిందో చెబుతాను, నేర్చుకోండి. కంపెనీ పేరు అనవసరం. 2025 మార్చి చివరి వారంలో బేరింగులు, బెల్టులు మూడు విడతలుగా దిగాయి. బిల్లులు 59,000, 47,200, 23,600 రూపాయలవి. డ్రైవరు ఇచ్చిన ప్రతుల మీద స్టోర్స్ బాబాయి సరుకు అందినట్టు జీఆర్ఎన్ నంబరు వేసి పైకి పంపాడు. సీనియర్ గుమాస్తా వాటిని ట్యాలీలో ఎక్కించాడు. మొదటి బిల్లు మీద నంబరు BT/0412/24-25 అని ఉంది. అంత పొడుగు ఎవరు కొడతారు? 412 అని కొట్టాడు.

ఏప్రిల్ మొదటి వారంలో అవే మూడు బిల్లుల ఒరిజినల్స్ కొరియర్లో వచ్చాయి. ఈసారి కూర్చున్నది ఇంకో గుమాస్తా, పద్ధతైన మనిషి. నంబరును గీతలతో సహా పూర్తిగా కొట్టాడు. మనిషికి రెండూ ఒకటేనని తెలుస్తుంది కానీ, కంప్యూటర్‌కి 412 వేరు, BT/0412/24-25 వేరు. కాబట్టి మీ ఆఫీసులో బిల్లు నంబరు ఎలా కొట్టాలన్నది ఎవరి ఇష్టానికి వాళ్లని వదిలేయండి. జీఆర్ఎన్ నంబరు లేని బిల్లును ఎక్కించకూడదన్న నియమం గోడకు అంటించి ఉంటే దాని మీద క్యాలెండర్ తగిలించండి.

కాలం కూడా కలిసి రావాలి. అందుకు మార్చి, ఏప్రిల్ మధ్య సంధి శ్రేష్ఠం. కొత్త సంవత్సరం రాగానే ట్యాలీలో పీరియడ్‌ని ఏప్రిల్ 1 నుంచి పెట్టుకుంటాం. ఆ సప్లయర్ ఖాతా తెరిస్తే మార్చి ఎంట్రీలు విడిగా కనబడవు, మూడూ కలిసి ఓపెనింగ్ బ్యాలెన్స్ అనే ఒక్క వరసలో ముడుచుకుని కూర్చుంటాయి.

ఇక డబ్బు. ఏప్రిల్ 5న 412 నంబరు బిల్లుకి 59,000 చెల్లించారు. 25న BT/0412/24-25కి మరో 59,000 చెల్లించారు. రెండుసార్లూ చెల్లింపును ఫలానా బిల్లుకి అని కట్టకుండా ‘ఆన్ అకౌంట్’ అని వేశారు. ఇది మీరు తప్పక పాటించాల్సిన సూత్రం. ఏ డబ్బు ఏ బిల్లుకి వెళ్లిందో రాస్తే రేపెవరైనా అడుగుతారు. సప్లయర్ అడుగుతాడేమోనన్న భయం పెట్టుకోకండి. ఎక్కువ వచ్చిన డబ్బు గురించి ఫోన్ చేసేవాడు నాకింతవరకు తారసపడలేదు.

ఇంత చక్కగా సాగుతున్న సంసారాన్ని చెడగొట్టింది మూడో గుమాస్తా. కొత్తగా చేరిన పిల్ల. మే మొదటి వారంలో ‘ఖాతాలు ఒకసారి చూడమ్మా’ అని మేనేజరు గారు మాటవరసకి అంటే నిజంగానే చూసింది. సప్లయర్‌కి ఫోన్ చేసి ఏప్రిల్ 30 దాకా స్టేట్‌మెంట్ పంపమంది. వాట్సాప్‌లో వచ్చింది. మన పుస్తకాల్లో మనం ఇవ్వాల్సింది 1,41,600. వాళ్ల పుస్తకాల్లో మన నుంచి రావాల్సింది 11,800. తేడా 1,29,800.

ఇక్కడ మామూలు గుమాస్తా ఏం చేస్తాడో అదే చేసింది. తేడాను సగం చేసింది. ఆ మొత్తం ఖాతాలో ఎక్కడైనా ఉంటే ఎంట్రీ ఒకటి తప్పు వైపు పడిందని అనుమానించవచ్చు. 64,900 ఎక్కడా లేదు. తొమ్మిదితో భాగించింది. శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో అని చూస్తారు. పోలేదు. ఈ దశలో ఆగిపోవడం ఉత్తమం. తేడాను సస్పెన్స్ ఖాతాలో పడేసి టీకి వెళ్లాలి.

ఈ పిల్ల వెళ్లలేదు. ఖాతాను పైనుంచి మళ్లీ చదివితే ఓపెనింగ్ బ్యాలెన్సే 1,29,800. తేడాకి సరిగ్గా సమానం. దాని కింద ఏప్రిల్ కొనుగోళ్లు కూడితే అదీ 1,29,800. Alt+F2 నొక్కి పీరియడ్‌ని మార్చి 1కి జరిపింది. ముడుచుకున్న వరస విప్పుకుంది: 59,000, 47,200, 23,600. కింద మళ్లీ అవే మూడు.

మొత్తాలు ఒకటైనంత మాత్రాన బిల్లులు ఒకటే అనలేం. జిరాక్స్ మెషీన్ మెయింటెనెన్స్ బిల్లు నెలనెలా అదే మొత్తానికి వస్తుంది. అవన్నీ నిజమైనవే. అందుకని ఫైళ్లలోంచి కాగితాలు తీసి పక్కపక్కన పెట్టింది. బిల్లు తేదీ ఒకటే, లారీ నంబరు ఒకటే. ఒక కాగితం మీద జీఆర్ఎన్ ఉంది, రెండో దాని మీద లేదు. ‘బాబాయ్, సరుకు ఎన్నిసార్లు దిగింది?’ అని కింద అడిగింది. ‘బిల్లుకి ఒక్కసారేనమ్మా, రెండుసార్లు దింపడానికి నాకేమైనా పిచ్చా?’ అన్నాడాయన.

మేనేజరు గారు సులభమైన దారి చూపించారు. ‘Alt+D కొట్టెయ్, పోతాయి.’ ఎంట్రీ పోతుంది కానీ, కొట్టేసిన సంగతి పోదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండి తీరాలి. ఆ మాట మెల్లగా చెప్పి, ‘జర్నల్ వేసి కారణం రాస్తాను సార్’ అంది. సప్లయర్ ఖాతాకి 1,29,800 డెబిట్. కొనుగోళ్లకి 1,10,000, ఇన్‌పుట్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకి 9,900 చొప్పున క్రెడిట్. వివరణలో ఆరు ఎంట్రీల నంబర్లూ రాసింది.

ఆ 19,800 పన్ను దగ్గర కంపెనీ ఒక మంచి అవకాశం పోగొట్టుకుంది. మార్చి రిటర్నులో ఆ క్రెడిట్ ఒకసారి తీసుకున్నారు. ఏప్రిల్ పుస్తకాల్లో మళ్లీ ఉంది. ఏప్రిల్ రిటర్ను గడువు మే 20. పుస్తకాల్లో ఉన్నదాన్ని అలాగే దించి దాఖలు చేసి, ఆ క్రెడిట్ వాడేసుకుని ఉంటే, తర్వాత తిరిగి కట్టేటప్పుడు ఏడాదికి 18 శాతం వడ్డీ కూడా కట్టుకునే భాగ్యం దక్కేది. 14న వచ్చే జీఎస్టీఆర్-2బీతో పోల్చి చూస్తే, మార్చిలోనే వచ్చేసిన ఆ మూడు బిల్లులూ ఏప్రిల్ జాబితాలో ఉండవు కాబట్టి అక్కడా దొరికిపోతారు. అందుచేత 2బీని డౌన్‌లోడ్ చేసి ఫోల్డర్లో దాచండి, తెరవకండి.

ఆ నెల కంపెనీ 1,41,600కి బదులు 11,800 చెల్లించి ఖాతా సరిచేసుకుంది. రెండోసారి వెళ్లిన 59,000 మిగతా రెండు బిల్లుల్లో సర్దుబాటైపోయింది.

మీ ఆఫీసులో ఇలాంటి అఘాయిత్యం జరగకూడదంటే ఒక్క జాగ్రత్త చాలు. సప్లయర్ని స్టేట్‌మెంట్ మాత్రం అడక్కండి. అడిగితే పంపిస్తారు.