వగైరా పద్దుకు వీరతాళ్ళు

ఉత్పాదకత మళ్ళీ పెరిగిందట. ఎవరిది, ఎక్కడ అని అడక్కండి. మొత్తం కారకాల ఉత్పాదకత, అంతే. సంస్కరణలు ఫలించాయనడానికి ఇంకేం సాక్ష్యం కావాలని టీవీలో ఒక పెద్దమనిషి మనల్నే గద్దించాడు.

ఆ సాక్ష్యం పుట్టుక ఇదీ. ముందు Y = AK^α L^(1−α) అనుకుంటారు. ఉత్పత్తి 7 శాతం, పెట్టుబడి 8, శ్రమ 2 పెరిగాయి, పెట్టుబడి వాటా α 0.4 అనుకోండి. పెట్టుబడి ఖాతాకు 3.2, శ్రమ ఖాతాకు 1.2 పోగా మిగిలేది 2.6. అదే ఉత్పాదకత! జమాఖర్చు కుదరని గుమాస్తా 'వగైరా' అని రాసుకునే పద్దు ఇది. 1956లోనే ఆర్థికవేత్త అబ్రమోవిట్జ్ దీన్ని మన అజ్ఞానానికి కొలతగా చూడమన్నాడు. మనవాళ్ళు అజ్ఞానం పెరిగిందని మిఠాయిలు పంచుతున్నారు.

ఈ పద్దు మహిమ చూడాలంటే కరోనా ఏడాదికి వెళ్ళాలి. 2020-21లో జీడీపీ 5.8 శాతం పడిపోయింది. తాళాలు పడ్డ ఫ్యాక్టరీల్లో యంత్రాలు మాత్రం పెట్టుబడి లెక్కలో భద్రంగా ఉన్నాయి. పట్నం నుంచి నడిచి ఊరు చేరి, ఉన్న రెండెకరాల్లోనే అన్నదమ్ములతో పాటు దిగినవాడూ పనిలో ఉన్నట్టే. పెట్టుబడి 4, శ్రమ 3 శాతం పెరిగాయనీ, α సగమనీ అనుకుందాం. శేషం ఎంత? మైనస్ 9.3!

అంటే ఆ ఏడాది దేశమంతా పని మరిచిపోయిందన్నమాట. ఫిట్టరుకు స్పానరు పట్టుకోవడం రాలేదు, ఇంజనీరుకు ఎక్కాలు గుర్తురాలేదు.

మరుసటి ఏడాది జీడీపీ 9.7 శాతం లేచింది. అవే అంకెలు వేస్తే శేషం ప్లస్ 6.2. మరిచిన విద్యలన్నీ తిరిగొచ్చాయి! యంత్రం ఉండటం వేరు, తిరగడం వేరు. కరెంటు వాడకం, షిఫ్టుల సంఖ్య చూసి సరిచేయనంతకాలం గిరాకీ పడిపోవడమూ, తెలివి పడిపోవడమూ ఈ లెక్కకు ఒకటే. పడితే వైరస్ ఖాతా, లేస్తే సంస్కరణల ఖాతా.

α మాటా అంతే. పనిచేసేవాళ్ళలో సగానికి పైగా స్వయం ఉపాధి వాళ్ళే. కిరాణా కొట్టువాడి రాబడిలో కూలెంతో లాభమెంతో వాడికే తెలియదు. α 0.5 అనండి, పై 2.6 కాస్తా 2 అవుతుంది.

ఇక నవ్వు రాని సంగతి. శ్రమను గంటల్లో కాక తలల్లో లెక్కపెడితే, ఎనిమిది గంటలు కుట్టే దర్జీతో పది గంటలు కుట్టించినప్పుడు శ్రమ పెరుగుదల సున్నా. ఆ రెండు గంటల చొక్కాలు శేషంలో తేలి, 'సామర్థ్యం' అనిపించుకుంటాయి. ఒక మనిషి నడుంనొప్పిని విధాన విజయంగా చదివి వినిపించడానికి నోరెలా వస్తుంది? శేషం ప్రకటించే ముందు గంటల లెక్క బయటపెట్టండి. యంత్రాలు ఎన్ని గంటలు తిరిగాయో, మనుషులు ఎన్ని గంటలు వంగారో రెండూ పెట్టండి. అప్పుడు ఏమైనా మిగిలితే వింటాం.