దోస్తీకి దండం పెట్టే మెసేజ్: తెగకుండా రాసే పద్ధతి

దోస్తీ తెంచుకోవాలని మీరు నిజంగానే నిర్ణయించుకున్నారు. కోపం దిగిపోయింది. మంచిగా చెప్పి చూశారు, అవతలివాడు మారలేదు. ఇక మిగిలింది ఒక్క మెసేజ్. దాన్ని ఎట్లా రాస్తే వ్యవహారం తెగకుండా మరో ఏడాది సాగుతుందో చెబుతాను.

మీది నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం అనుకుందాం. దోస్తు బడిలో మీ పక్క బెంచీవాడు, ఇప్పుడు కల్వకుర్తిలో ఉద్యోగం. ఎవరికీ చెప్పొద్దని మీరు చెప్పిన ఇంటి సంగతిని బస్టాండు దగ్గర చాయ్ తాగుతూ నలుగురిలో నవ్వులాట చేశాడు. అడిగితే "గంతదానికే గంత కోపమా?" అన్నాడు. కొన్నాళ్లకు మళ్లీ అదే పని చేశాడు. పైగా మీకు 12 వేలు బాకీ ఉన్నాడు.

ముందు ముహూర్తం చూసుకోండి. దసరా ముందు రోజు రాత్రి, ఏదో ఫంక్షన్‌లో రెండు పెగ్గులు వేసుకొని వచ్చాక పంపడం శ్రేష్ఠం. జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే ఊళ్లు మనవి. ఏడాదంతా మాటల్లేనివాళ్లు కూడా ఆ సాయంత్రం కలుస్తారు. కాబట్టి మీ తుది నిర్ణయానికి ఒక్క రోజే ఆయుష్షు. వాడు జమ్మి పట్టుకొని మీ గడపలో నిలబడతాడు, సంగతి తెలియని మీ అమ్మ "రా బిడ్డా, కూసో, తిని పోదువు" అంటుంది. పండుగలూ పెళ్లిళ్లూ లేని వారంలో, పట్టపగలు, తెలివి మీద ఉన్నప్పుడు పంపితే వాడు కూడా తెలివి మీదనే చదువుతాడు. అది మనకొద్దు.

మొదలుపెట్టడం జ్ఞాపకాలతో. సోమశిలలో కృష్ణ ఒడ్డున కూర్చొని చేపలు తిన్న రోజు, చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు నల్లమలలో రాళ్ల మీద నడిచిన రోజు, అన్నీ గుర్తుచేయండి. మెసేజ్ చివర ఏముందో చూడకముందే వాడి కళ్లల్లో నీళ్లు తిరగాలి. "అవునురా, ఈసారి కూడ పోదాం" అని జవాబొస్తుంది. ఒక్క మేలును మాత్రమే, అదీ నిజంగా మరిచిపోలేనిదాన్ని తలచుకొని ఊరుకుంటే చదివేవాడికి అది కృతజ్ఞత అని అర్థమైపోతుంది. ఆరు రాస్తే బతిమాలుతున్నారేమో అనుకుంటాడు. ఆ అనుమానమే మనకు పెట్టుబడి.

తర్వాత కారణాలు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. తేదీలతో, సాక్షులతో వరుసగా రాయండి. మీరు నాలుగు నేరాలు మోపితే వాడు నాలుగింటికీ జవాబు చెప్పడు, అన్నిటికంటే బలహీనమైనదాన్ని పట్టుకుంటాడు. "నేను హోటల్లో అన్నది బేస్తవారం కాదు, మంగళవారం. ఆ రోజు నువ్వే లేవు, నీకెవడు చెప్పిండు?" ఇక మూడు రోజులు వారం మీద చర్చ. చెప్పినవాడి పేరు బయటపడి మూడో మనిషితో కూడా మాటలు పోతాయి. అసలు సంగతి, అంటే మీకు ఇక ఈ దోస్తీ వద్దన్నది, ఆ గొడవలో ఎక్కడో పడిపోతుంది. మీ మనసు మీకు తెలుసు కాబట్టి దానికి సాక్ష్యం అక్కర్లేదని, వాడు ఒప్పుకోకపోయినా నిర్ణయం మారదని కొందరు అంటారు. వాళ్లకు వాదనలోని రుచి తెలియదు.

నిర్ణయం చెప్పే వాక్యంలో "ప్రస్తుతానికి" అన్న మాట తప్పక ఉండాలి. "కొన్నాళ్లు దూరంగా ఉందామనుకుంటున్న, తప్పుగా అనుకోకు, నువ్వేమంటవ్?" అని ప్రశ్నతో ముగిస్తే మరీ మంచిది. ప్రశ్నకు జవాబివ్వడం మర్యాద కాబట్టి వాడు జవాబిస్తాడు, జవాబుకు జవాబివ్వడం మీ మర్యాద. నెల తిరగకుండానే "కొన్నాళ్లు అయిపోయినయ్ కదా?" అని ఫోను వస్తుంది. వాడి తప్పేం లేదు, గడువు పెట్టింది మీరే.

బాకీ సంగతి కూడా అందులోనే కలిపేయండి. "ఆ 12 వేలు నీకు వీలైనప్పుడు ఇయ్యి" అనండి. వాడికి నెలకు ఐదు వందలే వీలవుతుంది. అంటే ఇరవై నాలుగు నెలలు, ప్రతి నెలా ఫోన్‌పేలో డబ్బులు, వాటి వెంట "అందినయా? మంచిగున్నవా? వదిన ఎట్లుంది?" అనే పలకరింపు. డబ్బు లెక్క ముందే తేల్చుకోవడమో, పోయిందనుకొని మనసులోనే కొట్టేసుకోవడమో, కాదంటే వేరే రోజున తేదీ వేసి ఒక్క ముక్కలో అడగడమో చేస్తే ఈ రెండేళ్ల పలకరింపులు దక్కవు. వాడి బ్యాంకు అప్పుకు మీరు జమానతు సంతకం పెట్టి ఉంటే ఇంకా బాగు. దోస్తీకి దండం పెట్టినంత మాత్రాన ఆ సంతకం చెరిగిపోదు, వాయిదా తప్పితే బ్యాంకువాళ్లు మీకే ఫోను చేస్తారు.

పంపాక నీలం టిక్కుల కోసం కాచుకొని కూర్చోండి. బ్లాక్ చేయండి, డీపీ మార్చాడేమో చూడటానికి తీయండి, మళ్లీ చేయండి. పదో తరగతి బ్యాచ్ గ్రూపు సంగతి మరవొద్దు. బ్లాక్ చేసినా ఇద్దరూ ఉన్న గ్రూపులో ఒకరి మాటలు ఒకరికి కనిపిస్తూనే ఉంటాయి. 2022 నుంచి వాట్సాప్‌లో గ్రూపు వదిలితే ఆ కబురు అడ్మిన్లకే పోతుంది, అందరికీ చాటింపు ఉండదు. అందుకే పోయేముందు మీరే చాటింపు వేయాలి. "కొందరి వల్ల పోతున్న" అని రాస్తే "ఎవరన్నా?" అంటూ ముప్పై మంది అడుగుతారు.

చేయకూడనిది కూడా ఒకటి చూపించాలి. ఇలాంటి చిక్కులోనే ఒకాయన ఇట్లా రాశాడనుకోండి:

"మా నాయన దవాఖానాల ఉన్నప్పుడు నువ్వు రాత్రంత తోడున్నవ్, అది మరువ. ఇగ మన దోస్తీ ఇక్కడికి ఆపుతున్న, ఫోన్లు మెసేజ్‌లు వద్దు. బాగ ఆలోచించుకొనే చెప్తున్న, దీనికి జవాబు రాయనక్కర్లే. నువ్వు, నీ ఇంటోళ్లు సల్లగుండాలె."

ఎంత పేలవంగా ఉందో చూడండి. నేరం ఒక్కటీ లేదు, కాబట్టి కాదనడానికేమీ లేదు. "అనుకుంటున్న" లేదు, "ఆపుతున్న" అని ఉంది. ఏవి వద్దో పేరు పెట్టి చెప్పాడు, కాబట్టి "మెసేజ్ పెట్టొచ్చా?" అని అడిగే సందు లేదు. ప్రశ్న లేదు. జవాబు అక్కర్లేదనడంతో అవతలివాడికి బరువు కూడా తప్పింది. మరునాడు "ఏమైందిరా?" అని వచ్చినా ఈయన కదలకపోతే ఆట అక్కడే ముగిసింది. రెండో మెసేజ్ రాస్తే మొదటిది చివరిది కాకుండా పోతుందని ఈయనకు తెలిసినట్టుంది. ఎందుకు తెంచుకున్నావని ఉమ్మడి దోస్తులు అడిగితే "మా ఇద్దరి సంగతి" అని ఊరుకుంటాడు, వాడి గురించి చెడ్డ మాట అనడు. చిన్న ఊరు కాబట్టి ఏ పెళ్లిలోనో ఎదురుపడతారు. "మంచిగున్నవా?" అంటే "మంచిగున్న" అని, చెరో బంతికి పోయి కూర్చుంటారు.

ఆ మెసేజ్‌లో ఈయనకు మిగిలిందేమిటి? తన బాధ అవతలివాడికి పూర్తిగా అర్థమైందో లేదో ఎన్నటికీ తెలియదు. తానే గెలిచానని చెప్పుకోవడానికి ఒక్క స్క్రీన్‌షాట్ లేదు. మీకు ఆ రెండూ కావాలంటే ఆ నాలుగు వాక్యాల జోలికి పోకండి.